పిట్టకు ఆరేడు పొరుగులు

రోమ్ నగరంలో టెర్మిని రైల్వే స్టేషన్ ఎదురుగా పలాజో మాసిమో అనే పెద్ద భవనం ఉంది. ఇప్పుడది ప్రాచీన శిల్పాల మ్యూజియం. 2005 డిసెంబరు నుంచి రెండు శీతాకాలాల పాటు కొందరు భౌతిక శాస్త్రవేత్తలు సాయంత్రం కాగానే కెమెరాలు పట్టుకుని ఆ మేడ పైకప్పు ఎక్కేవారు. పొద్దు వాలే వేళకు ఊరి బయట పొలాల్లో మేతకు వెళ్లిన స్టార్లింగ్ పిట్టలు నగరంలోని చెట్లకు తిరిగి వస్తాయి. చలికాలంలో ఇవి ఉత్తరాది దేశాల నుంచి లక్షల్లో రోమ్‌కు వలస వస్తాయి. మన గోరింకలకు దగ్గర చుట్టాలు, అదే కుటుంబం. చెట్ల మీద వాలేముందు ఇవి గుంపులు కట్టి ఆకాశంలో చాలాసేపు తిరుగుతాయి. గుంపు ఒక్కసారిగా సాగుతుంది, మెలితిరుగుతుంది, రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది. గాలిలో పొగను ఎవరో పిసుకుతున్నట్టు ఉంటుంది. వేల రెక్కలు అంత దగ్గరగా తిరుగుతున్నా ఒకదానికొకటి తగలవు.

ఈ దృశ్యం మనుషులను ఎంత తికమక పెట్టిందో చెప్పడానికి ఒక పుస్తకం చాలు. ఎడ్మండ్ సెలూస్ అనే ఇంగ్లిష్ పక్షి పరిశీలకుడు ఏళ్ల తరబడి పిట్టల గుంపులను చూసి, నోట్సు రాసుకుని, 1931లో పుస్తకం వేశాడు. అన్ని పక్షులూ ఒకే క్షణంలో తిరగాలంటే ఒకదాని ఆలోచన మరొకదానికి నేరుగా చేరుతూ ఉండాలి, ఇంకో దారి కనిపించడం లేదని ఆయన తేల్చాడు. నవ్వి తీసిపారేయాల్సిన మాట కాదది. నాయకుడు కనిపించడు, కేక వినిపించదు, అయినా గుంపంతా తిరుగుతోంది. నిజాయితీగా చూసినవాడికి తోచిన జవాబు అది.

దీనికి సరైన జవాబు సినిమాలకు బొమ్మలు కదిలించే పనిలో మొదలైంది. 1986లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ కంప్యూటర్ తెర మీద పక్షుల గుంపును ఎగరేయాలనుకున్నాడు. ఒక్కో పక్షి దారిని చేత్తో గీస్తే ఎంతకీ తెమలదు. గీసినా రెండు పక్షులు ఎక్కడో ఒకచోట ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. అందుకని ఆయన గుంపును వదిలి ఒక్క పక్షి కళ్లతో చూశాడు. ఆ పక్షికి మొత్తం గుంపు కనిపించదు. చుట్టూ ఉన్న కొద్దిమంది పొరుగువాళ్లే కనిపిస్తారు. వాళ్లను చూసి అది మూడు పనులు చేస్తుందనుకుందాం అన్నాడు.

మరీ దగ్గరకొచ్చిన పొరుగు నుంచి పక్కకు జరగాలి. ఇది ఎడం. పొరుగువాళ్లు సగటున ఎటు, ఎంత వేగంగా పోతుంటే తానూ అటు, అంత వేగంగా పోవాలి. ఇది దిక్కు కలపడం. పొరుగువాళ్లందరికీ నడిమధ్యన ఉన్న చోటు వైపు మొగ్గాలి. ఇది జట్టు విడవకపోవడం. ఇంతే. గుంపు ఆకారం ఎలా ఉండాలో, ఎప్పుడు తిరగాలో, ఎవరు ముందుండాలో ప్రోగ్రాములో ఎక్కడా రాయలేదు. నడిపిస్తే తెర మీద గుంపు పుట్టింది. స్తంభం అడ్డొస్తే రెండు పాయలుగా విడిపోయి అవతల మళ్లీ ఒకటైంది. తన బొమ్మ పక్షులకు ఆయన బాయిడ్లని పేరు పెట్టాడు. 1987లో ఆ వ్యాసం అచ్చయింది. 1992లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్ సినిమాలో గబ్బిలాల దండును ఈ పద్ధతిలోనే ఎగరేశారు.

సూత్రాలు వినడానికి తేలికగా ఉంటాయి. వాటి మధ్య జరిగే బేరం మాత్రం లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. ఒక గ్రాఫ్ కాగితం తీసుకుందాం. ఒక గడి ఒక మీటరు. మన పిట్ట కాగితం మధ్యలో ఉంది, ముక్కు పైఅంచు వైపు, వేగం సెకనుకు 10 మీటర్లు. స్టార్లింగ్ ఇంచుమించు అంత వేగంతోనే ఎగురుతుంది. దానికి మూడు పొరుగులు. మొదటిది ఎడమ పక్కన అరమీటరు దూరంలోనే ఉంది, మన పిట్టలాగే నేరుగా పైకి పోతోంది. రెండోది ఎడమకు 3 మీటర్లు, ముందుకు ఒక మీటరు దూరంలో ఉంది. మూడోది ఎడమకు రెండున్నర, ముందుకు 2 మీటర్లు. ఈ రెండూ ఎడమకు ఏటవాలుగా పోతున్నాయి: సెకనుకు 6 మీటర్లు ఎడమకు, 8 మీటర్లు ముందుకు. ముందు వెనకల తేడా చిన్నది కనుక కుడిఎడమల లెక్కే చూద్దాం.

జట్టు సూత్రం సంగతి ముందు. పొరుగుల ఎడమ దూరాలు అర, మూడు, రెండున్నర. కూడితే 6, మూడుతో భాగిస్తే 2. అంటే జట్టు నడిమి చోటు ఎడమకు 2 మీటర్ల దూరంలో ఉంది. ఈ సూత్రానికి పదో వంతు బలం ఇస్తే మన పిట్ట మీద ఎడమకు 0.2 లాగుడు పడుతుంది. తర్వాత దిక్కు సూత్రం. పొరుగుల ఎడమ వేగాలు సున్నా, 6, 6. సగటు 4. మన పిట్ట ఎడమ వేగం సున్నా, కనుక తేడా 4. దీనికి నాలుగో వంతు బలం ఇస్తే ఎడమకు ఒకటి. ఇక ఎడం సూత్రం. మీటరు లోపలికి వచ్చినవాళ్లనే ఇది పట్టించుకుంటుంది, దూరం తగ్గేకొద్దీ గట్టిగా తోస్తుంది. ఒకటిని దూరంతో భాగించడం దీనికి తేలిక మార్గం. అరమీటరుకు అది 2 అవుతుంది, తోపు కుడికి.

రెండు సూత్రాలు ఎడమకు లాగుతున్నాయి, ఒకటి కుడికి తోస్తోంది. కుడికి 2, ఎడమకు 1.2. మిగిలింది కుడికి 0.8. జట్టు ఎడమకు పోతుంటే మన పిట్ట కుడికి జరిగింది! వింటే తప్పుగా ఉంటుంది గాని, పక్కవాడికి రెక్క తగలకుండా ఉండాలంటే అదే చేయాలి. పదో వంతు సెకను గడిచింది. పొరుగులు తమ దారిన తాము పోతున్నాయనుకుందాం. మన పిట్ట 8 సెంటీమీటర్లు కుడికి జరిగింది, మొదటి పొరుగు ఇప్పుడు 58 సెంటీమీటర్ల దూరంలో ఉంది. మళ్లీ లెక్కిస్తే కుడి తోపు 1.72కు తగ్గింది. దిక్కు తేడా పెరిగింది కనుక ఆ లాగుడు 1.2, జట్టు లాగుడు ఇంచుమించు 0.25. మిగిలిన కుడి తోపు 0.27 మాత్రమే. మూడో అడుగుకు ఎడం దాదాపు 69 సెంటీమీటర్లు అవుతుంది, కుడి తోపు 1.46కు దిగుతుంది, ఎడమ లాగుళ్లు రెండూ కలిసి 1.57కు చేరతాయి. తూకం ఎడమకు మొగ్గింది. అక్కడి నుంచి మన పిట్ట మెల్లగా జట్టు వైపు మళ్లుతుంది. ముందు చోటు చేసుకుని తర్వాత తిరగడమనే ఆ ఒడుపును మనం ఎక్కడా నేర్పలేదు. మూడు లెక్కల కూడికలోంచి అదే వచ్చింది. పొరుగులు కూడా అదే క్షణంలో ఇదే లెక్క వేసుకుంటున్నాయని గుర్తుంచుకుంటే గుంపు ఎందుకు అలా అలలుగా ఊగుతుందో ఊహకు అందుతుంది.

పదో వంతు, నాలుగో వంతు అన్నవి నేను ఎంచుకున్న బలాలు. తెర మీద గుంపును ఆడించేవాళ్లు వాటిని మార్చి మార్చి చూస్తారు. ఒక్కో సూత్రాన్ని పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో చూడటం ఇంకా మంచి చదువు. ఎడం తీసేస్తే పిట్టలన్నీ కుంచించుకుపోయి ఒక చుక్కలా ముద్ద కడతాయి. జట్టు తీసేస్తే అన్నీ ఒకే దిక్కుకు పోతూనే పలచబడిపోతాయి. అడ్డం వచ్చి చీలిన పాయలు మళ్లీ కలవవు. దిక్కు తీసేస్తే గుంపు విడిపోదు గాని ఎటూ పోదు, దీపం చుట్టూ ముసిరే పురుగుల్లా ఉన్నచోటే కొట్టుకుంటుంది.

ఈ చివరి రెంటికీ తేడా కొలవడానికి ఒక చక్కని అంకె ఉంది. ఒక్కో పిట్ట పోయే దిక్కుకు ఒకే పొడవున్న బాణం గీసి, బాణాలన్నీ కలిపి సగటు తీస్తారు. అందరూ ఒకే దిక్కుకు పోతుంటే సగటు బాణం పొడవు ఒకటి. తలో దిక్కుకు పోతుంటే బాణాలు ఒకదానినొకటి కొట్టేసుకుని సున్నాకు దగ్గరవుతాయి. రోమ్ ఆకాశంలోని గుంపులకు ఈ అంకె సగటున 0.96 వచ్చింది. పొగలా మెలికలు తిరిగే గుంపులో కూడా ఏ క్షణంలో చూసినా పిట్టలన్నీ దాదాపు ఒకే దిక్కుకు పోతున్నాయన్న మాట.

లాగుళ్లనూ తోపులనూ కేవలం కూడితే ఒక ప్రమాదం ఉందని రేనాల్డ్స్ మొదట్లోనే పసిగట్టాడు. ఎదురుగా గోడ ఉంది. ఒక సూత్రం కుడికి తప్పుకోమంటోంది, మరొకటి ఎడమకు. రెండూ సమానమైతే కూడిక సున్నా. పిట్ట నేరుగా వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. అందుకని ఆయన ఒక క్షణంలో పిట్ట ఎంత తిరగగలదో దానికి హద్దు పెట్టి, ఆ శక్తిని వరస ప్రకారం పంచాడు. ముందు ఢీకొనకుండా తప్పుకోవడానికి కావలసినంత, మిగిలితే దిక్కుకు, ఇంకా మిగిలితే జట్టుకు. ఇంట్లో జీతం డబ్బులు పంచినట్టే. ఆపద వేళ జట్టు కాస్త చెదిరినా పరవాలేదు, తర్వాత కలుసుకోవచ్చు.

ఇదంతా బాగుంది. కానీ తెర మీది పిట్టలు నిజమైన పిట్టల్లా కనిపించినంత మాత్రాన నిజమైన పిట్టలు అదే లెక్క వేస్తున్నాయని చెప్పలేం. ముఖ్యంగా ఒక ప్రశ్న మిగిలిపోయింది. పొరుగు అంటే ఎవరు? బాయిడ్లకు పొరుగంటే ఇన్ని మీటర్ల లోపల ఉన్నవాళ్లు. సహజంగా అందరికీ తోచేదీ అదే. తేల్చాలంటే నిజమైన గుంపులో ఒక్కో పిట్ట ఎక్కడుందో మూడు కొలతల్లో తెలియాలి. పలాజో మాసిమో పైకప్పు ఎక్కింది ఇందుకే.

ఆండ్రియా కవాన్యా, ఐరీన్ జార్దీనా నడిపిన ఈ పనిలో 2021లో నోబెల్ అందుకున్న జార్జో పరీసీ కూడా ఉన్నారు. రెండు కెమెరాలను 25 మీటర్ల ఎడంలో పెట్టి ఒకే క్షణంలో క్లిక్‌మనిపించేవారు, సెకనుకు పది ఫొటోలు. మన రెండు కళ్లు దూరాన్ని అంచనా వేసినట్టే రెండు ఫొటోల తేడాను బట్టి పిట్ట దూరం లెక్కించవచ్చు. చిక్కల్లా ఒక్కటే. రెండు ఫొటోల్లోనూ వేలాది నల్లచుక్కలు. ఎడమ ఫొటోలోని ఈ చుక్క కుడి ఫొటోలో ఏ చుక్క? ఒక్కటి తప్పుగా జతపడినా ఆ పిట్ట లేని చోట తేలుతుంది. పాత పరిశోధనలు కొద్ది పిట్టల గుంపుల దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే. వీళ్లు మూడో కెమెరాను ఒకదానికి దగ్గరగా పెట్టి, జతలను దానితో సరిచూసి, రెండు వేలు దాటిన గుంపుల్లో కూడా ఒక్కో పిట్ట చోటు గుర్తించగలిగారు.

2008లో వచ్చిన ఫలితం చాలామంది అంచనాను తలకిందులు చేసింది. దాన్ని ఎలా పట్టుకున్నారో చూడాలి. ఏ పిట్టనైనా తీసుకుని దాని అతి దగ్గరి పొరుగు ఎటు ఉందో చూస్తే, ఎక్కువగా పక్కల్లో ఉంటుంది, ముందూ వెనకా అరుదు. బహుశా కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల. రెండో పొరుగుకూ, మూడో పొరుగుకూ ఈ పక్షపాతం కనిపిస్తుంది, కానీ క్రమంగా తగ్గుతుంది. ఒక పొరుగు దాటాక అది ఎటైనా ఉండవచ్చు, దిక్కు చొప్పున తేడాయే లేదు. అంటే అక్కడితో పిట్టల మధ్య సంబంధం తెగింది. ఆ హద్దు ఆరో ఏడో పొరుగు దగ్గర పడింది.

అసలు కిటుకు దీని తర్వాత ఉంది. కొన్ని గుంపులు దట్టం, వాటిలో దగ్గరి పొరుగు ముక్కాలు మీటరు కన్నా తక్కువ దూరంలో ఉంది. కొన్ని పలచన, అక్కడ మీటరున్నర. పిట్ట మీటర్లు లెక్కపెడితే దట్టమైన గుంపులో చాలామందితో, పలచని గుంపులో కొద్దిమందితో సంబంధం ఉండాలి. అలా జరగలేదు. దట్టంగా ఉన్నా పలచగా ఉన్నా హద్దు ఆరేడు దగ్గరే. స్టార్లింగ్ దూరం చూసుకోవడం లేదు, మనుషులను లెక్కపెట్టుకున్నట్టు పొరుగులను లెక్కపెట్టుకుంటోంది.

దీని ప్రయోజనం బైరి డేగ వచ్చినప్పుడు తెలుస్తుంది. డేగ దూకగానే గుంపు విచ్చుకుంటుంది, పిట్టల మధ్య ఎడం ఒక్కసారిగా పెరుగుతుంది. రెండు మీటర్ల లోపలివాళ్లే నా పొరుగు అనుకునే పిట్ట ఆ క్షణంలో ఒంటరిదైపోతుంది. దిక్కు కలపడానికి ఎవరూ లేరు, తిరిగి చేరడానికి జట్టు కనబడదు. డేగకు కావలసింది అలాంటి ఒంటరి పిట్టే. ఎంత దూరం జరిగినా ఆ ఆరేడుగురే నావాళ్లు అనుకునే పిట్టలు రబ్బరు వలలా సాగి మళ్లీ దగ్గరకొస్తాయి. ఆ బృందం రెండు రకాల గుంపులనూ కంప్యూటర్‌లో డేగకు ఎదురుపెట్టి చూసింది. మీటర్ల సూత్రం మీద నడిచిన గుంపు ఎక్కువ ముక్కలైంది.

సెలూస్ ప్రశ్నకు కూడా ఇదే కెమెరాల దారిలో జవాబు దొరికింది. 2014లో అచ్చయిన పనిలో ఆ శాస్త్రవేత్తలు గుంపు మలుపు తిరిగే క్షణాలను విడదీసి చూశారు. అందరూ ఒకేసారి తిరగడం లేదు. పక్కపక్కనే ఉన్న కొద్ది పిట్టలు ముందు తిరుగుతాయి, వాటిని చూసి పొరుగులు, వాటిని చూసి వాటి పొరుగులు. ఆ కబురు సెకనుకు 20 నుంచి 40 మీటర్ల వేగంతో గుంపులో పాకుతుంది. పిట్ట ఎగిరే వేగం కన్నా రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. మన కంటికి అది ఒక్క క్షణమే. కబురు దారిలో నీరసించకపోవడం ఇక్కడి విశేషం. మొదటి పిట్ట ఎంత గట్టిగా తిరిగిందో చివరిదీ అంతే గట్టిగా తిరుగుతుంది. పొరుగుల సగటు దిక్కుకు మళ్లడమనే మామూలు సూత్రంలో ఇది కుదరదు. సగటు తీసినప్పుడల్లా కబురు పలచబడుతుంది, నీటిలో వేసిన సిరాలా విరజిమ్ముకుపోతుంది. నిజమైన పిట్టకు తిరుగుడు జోరు కూడా ఉంటుంది, ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆ తిరుగుడు కొంతసేపు కొనసాగుతుంది. ఆ జోరును లెక్కలో చేరిస్తేనే కబురు అలలా నేరుగా సాగింది.

చేపల దగ్గరకు వస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. చేపకు కళ్లతో పాటు మరో సాధనం ఉంది. శీలావతి చేప పొలుసు తీసేవాళ్లకు ఇది తెలుసు, చెంప నుంచి తోక దాకా ఒంటి పక్కన ఒక సన్నని గీత కనిపిస్తుంది. అది పార్శ్వరేఖ. పక్క చేప తోక ఆడిస్తే నీటిలో పుట్టే ఒత్తిడిని అది పసిగడుతుంది. 1976లో బ్రిటన్‌లో సైత్ అనే సముద్రపు చేపల కళ్లకు తాత్కాలికంగా గంతలు కట్టి చూస్తే, అవి గుంపులో కలిసి ఈదగలిగాయి. గంతలతో పాటు పార్శ్వరేఖ కూడా పనిచేయకుండా చేస్తే మాత్రం కలవలేకపోయాయి.

మరి చేపలు మూడు సూత్రాలూ పాటిస్తాయా? 2011లో రెండు వేర్వేరు బృందాలు దీన్ని తొట్టెల్లో పరీక్షించాయి. ఒకరు గోల్డెన్ షైనర్ అనే చేపలను, మరొకరు దోమల లార్వాలను తినే గంబూసియాలను తీసుకున్నారు. దోమల నివారణకు మన చెరువుల్లో, గుంటల్లో వదిలేవి ఈ గంబూసియాలే. ఒక్కో చేప కదలికను వీడియోలో పట్టి, పొరుగు ఏం చేస్తే ఇది ఏం చేసిందో లెక్కకట్టారు. దగ్గరకొస్తే తప్పుకోవడం కనిపించింది. దూరమైతే చేరుకోవడం కనిపించింది. దిక్కు కలిపే సూత్రం మాత్రం ఉన్నట్టు ఆధారం దొరకలేదు! పొరుగు ముందుంటే వేగం పెంచుతుంది, వెనకబడితే తగ్గిస్తుంది. పొరుగుతో ఎడం తగ్గకుండా, దూరం పెరగకుండా ఇలా సర్దుకుంటూ ఉంటే ఒకే దిక్కుకు పోవడం దానంతట అదే వచ్చేస్తుంది. రద్దీ సంతలో పిల్లవాడు నాన్న పక్కనే నడవాలని చూస్తే, నాన్న ఎటు పోతే అటే పోతాడు, దిక్కు గురించి విడిగా ఆలోచించడు. పైగా గంబూసియాలు ఆరేడుగురిని చూడటం లేదు. ఎక్కువగా అతి దగ్గరి ఒక్క పొరుగుకే స్పందించాయి.

ఈ ఫలితం నాకు చాలా ఇష్టం. రేనాల్డ్స్ మూడు సూత్రాలతో గుంపు పుడుతుందని చూపడం నిజం. ప్రాణులు ఆ మూడింటినే వాడుతున్నాయనడం వేరే మాట. బయటికి ఒకేలా కనిపించే గుంపులు లోపల వేర్వేరు లెక్కల మీద నడుస్తాయి. తెర మీది గుంపు ఎంత అందంగా ఉన్నా అది తేల్చలేదు. తొట్టెలో చేపను, ఆకాశంలో పిట్టను ఒక్కొక్కటిగా వెంబడించి కొలిస్తేనే తేలుతుంది.

ఆ పనిలో మొదటి మెట్టును మన పొలాల గట్టు మీద నిలబడి కూడా ఎక్కవచ్చు. మధ్య ఆసియా, తూర్పు ఐరోపా నుంచి స్టార్లింగ్ కుటుంబానికే చెందిన గులాబీ గోరింకలు చలికాలంలో తెలుగు నేల మీదికి వస్తాయి. గులాబీ ఒళ్లు, నల్లటి తల, నల్లటి రెక్కలు. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు రైతు వీటిని తోలలేక విసిగిపోతాడు. సాయంత్రం గూటికి చేరేముందు గుంపు తిరుగుతున్నప్పుడు మొత్తాన్ని చూడాలని ప్రయత్నించకండి. గుంపు అంచులో ఒక చోటు పట్టుకుని దాన్నే చూడండి. మలుపు ఎక్కడ మొదలైందో, ఆ నల్లటి అల ఎటు నుంచి ఎటు పాకిందో ఒకటి రెండు సాయంత్రాల్లో కంటికి చిక్కుతుంది. ఫోనులో నెమ్మది వేగం వీడియో తీస్తే, అన్నీ కలిసి తిరిగాయనుకున్న మలుపులో ముందు తిరిగినవేవో వెనక తిరిగినవేవో విడివిడిగా కనిపిస్తాయి.